పిల్లల సంరక్షకుల పేరు రాసే ముందు ఆ ఇంటికి వెళ్లి అడగండి

చంద్రపూర్ జిల్లాలో తెలుగు మాట కొత్తగా వచ్చింది కాదు. రాజురా తాలూకా 1956 వరకూ హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. ఆ తర్వాత బొగ్గు గనులు, బల్లార్‌పూర్ కాగితం మిల్లు, థర్మల్ విద్యుత్ కేంద్రం, రైల్వే ఉద్యోగాలు ఇంకా ఎన్నో తెలుగు కుటుంబాలను ఇక్కడికి తెచ్చాయి. ఈ ఇళ్లలో పిల్లలు బడిలో మరాఠీ, హిందీ మాట్లాడతారు, ఆదివారం ఆరాధనలో తెలుగు పాటలు పాడతారు. వాళ్ల చిన్నాన్నలూ మేనమామలూ మాత్రం ఎక్కువగా సరిహద్దుకు అవతల మంచిర్యాలలోనో, కాగజ్‌నగర్‌లోనో, కాజీపేటలోనో ఉంటారు.

అందువల్ల ఇక్కడి తల్లిదండ్రులు ఒక ప్రశ్నకు ముందే జవాబు రాసి పెట్టుకోవాలి. మనిద్దరం ఒకేసారి లేకుండా పోతే, పిల్లలు పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఎవరి ఇంట్లో పెరుగుతారు? ఏ రాష్ట్రంలో పెరుగుతారు? వీలునామా అనగానే మనకు ఇల్లు, ప్లాటు, బంగారం గుర్తొస్తాయి. చిన్న పిల్లలున్న ఇంట్లో వీలునామాలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం పిల్లల సంరక్షకులు ఎవరన్నది చెప్పే వాక్యం. ఆ వాక్యం రాయడానికి పది నిమిషాలు చాలు. దానికి ముందు బంధువులతో జరగాల్సిన సంభాషణకే సమయం పడుతుంది, మనం తప్పించుకునేది కూడా దాన్నే.

అర్థం కావడానికి ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. ఇది ఫలానా ఇంటి కథ కాదు, మనలో చాలా ఇళ్లకు సరిపోయే ఉదాహరణ. తండ్రి బొగ్గు గనిలో ఉద్యోగి. తల్లి ఒక ఆసుపత్రిలో నర్సు. పాపకు పదకొండేళ్లు, బాబుకు ఆరేళ్లు. చంద్రపూర్‌లో సొంత ఇల్లుంది, దాని మీద ఇంకా తీరని లోను ఉంది. తండ్రి తమ్ముడు భార్యాపిల్లలతో మంచిర్యాలలో ఉంటాడు. నానమ్మ కూడా ఆ ఇంట్లోనే. తల్లికి అక్క ఒకామె బల్లార్‌పూర్‌లో ఉంది, ప్రతి పండుగకూ పిల్లలు ఆ పెద్దమ్మ ఇంటికే పోతారు. రెండు వైపులా ప్రేమ ఉంది. చిక్కు కూడా అక్కడే వస్తుంది.

ఈ తల్లిదండ్రులు ఏమీ రాయకుండా పోయారనుకోండి. రెండు వైపుల వాళ్లూ ఒక మాట మీదికి వస్తే పిల్లలు ఎవరో ఒకరి ఇంటికి చేరతారు. రాకపోతే కోర్టుకు వెళ్లాలి. పిల్లలు మామూలుగా ఎక్కడ నివసిస్తున్నారో ఆ ప్రాంతంపై అధికారం ఉన్న కోర్టులోనే వారి సంరక్షణ పిటిషన్ వేయాలి. కాబట్టి మంచిర్యాల చిన్నాన్న వాయిదాలకు చంద్రపూర్ తిరగాలి. ఇదంతా ఎంత దూరం పోవచ్చో 2021లో కోవిడ్ చూపించింది. అహ్మదాబాద్‌లో ఒక చిన్న పిల్లవాడి తండ్రి ఆ ఏడాది మే నెలలో, తల్లి జూన్‌లో చనిపోయారు. ఒక వైపు నానమ్మ తాతయ్యలు, ఇంకో వైపు తల్లి తోబుట్టువు. గుజరాత్ హైకోర్టు పిల్లవాణ్ని తల్లి తోబుట్టువుకు అప్పగించింది. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును మార్చి నానమ్మ తాతయ్యలకు అప్పగించింది. ఎవరి వయసెంత, ఎవరి ఆదాయమెంత, ఎవరిది పెద్ద కుటుంబం అన్నవి కోర్టుల ముందు వాదనలయ్యాయి. ఆ రెండు వైపులా ఉన్నవాళ్లు చెడ్డవాళ్లని ఎవరూ అనలేరు. ఇద్దరూ పిల్లవాణ్ని కోరుకున్నవాళ్లే. అయినా తల్లిదండ్రులను పోగొట్టుకున్న ఏడాదిలోనే ఆ బిడ్డ భవిష్యత్తు రెండు న్యాయస్థానాల మధ్య నలిగింది.

క్రైస్తవులకు ఈ విషయంలో వర్తించే చట్టాలు రెండు. ఒకటి 1925 నాటి భారత వారసత్వ చట్టం. దాని 60వ సెక్షన్ ప్రకారం తండ్రి తన మైనర్ బిడ్డకు వీలునామా ద్వారా సంరక్షకుణ్ని, లేదా ఒకరికంటే ఎక్కువ మందిని నియమించవచ్చు. రెండోది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. కోర్టు సంరక్షకుణ్ని నియమించాల్సి వస్తే ఏం చూడాలో, సంరక్షకుడు ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో ఇది చెబుతుంది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం మనకు వర్తించదు. పొరుగింటి హిందూ స్నేహితుడి వీలునామాను నకలు తీసుకుని పేర్లు మార్చి రాసుకునేవాళ్లు ఇది గమనించాలి.

తండ్రి వీలునామాలో సంరక్షకుడి పేరుంటే మన ఉదాహరణలో ఏం మారుతుంది? మొదటిది, ఆ సంరక్షకుడి అధికారం చట్టప్రకారం ముగిసేదాకా కోర్టు అతని స్థానంలో ఇంకొకరిని నియమించదు. అతను సరిగా చూడకపోతే తొలగించే అధికారం కోర్టుకు ఎప్పుడూ ఉంటుంది. కానీ పోటీ పడి మొదటి రోజునుంచే ఇంకొకరు ఆ స్థానం అడగలేరు. రెండోది, చంద్రపూర్ వంటి సరిహద్దు జిల్లాలో ఉన్నవాళ్లకు చాలా పనికొచ్చేది. కోర్టు నియమించిన సంరక్షకుడు కోర్టు అనుమతి లేకుండా పిల్లల్ని ఆ కోర్టు పరిధి దాటించి తీసుకుపోకూడదని 26వ సెక్షన్ అంటుంది. నిబంధనల్లో చెప్పిన కొన్ని అవసరాలకే మినహాయింపు. వీలునామా ద్వారా నియమితుడైన సంరక్షకుడికి ఆ ఆంక్ష లేదు. అంటే మంచిర్యాల చిన్నాన్న పేరు వీలునామాలో ఉంటే పిల్లల్ని తన ఇంటికి తీసుకుపోవడానికి విడిగా అనుమతి అడగనక్కర లేదు. పేరు లేకపోతే అడగాలి.

ఇక తల్లి సంగతి. 60వ సెక్షన్‌లో తల్లి అన్న మాటే లేదు. ఇది మనం ఇన్నేళ్లుగా మౌనంగా భరిస్తున్న అన్యాయం. మన చట్టం వచ్చిన ఆ 1925లోనే ఇంగ్లాండు తన చట్టాన్ని మార్చి, వీలునామాలో సంరక్షకుణ్ని నియమించే హక్కును తండ్రితో పాటు తల్లికీ ఇచ్చింది. మన దేశంలో భర్తను కోల్పోయిన హిందూ తల్లికి ఆ హక్కు 1956లో వచ్చింది. క్రైస్తవ తల్లికి మాత్రం ఈ చట్టంలో ఇప్పటికీ రాలేదు. 2015లో సుప్రీంకోర్టు పెళ్లికాని ఒక క్రైస్తవ తల్లి కేసులో, తండ్రి పేరు చెప్పకుండానే ఆమె తన బిడ్డకు సంరక్షకురాలు కావచ్చునని తీర్పు చెప్పింది. ఈ విషయంలో క్రైస్తవ తల్లులు హిందూ తల్లులకంటే వెనకబడి ఉన్నారని కూడా ఆ తీర్పు గుర్తించింది. మంచి అడుగే, కానీ 60వ సెక్షన్ మారలేదు. అందులో తల్లి అన్న మాటను చేర్చమని పార్లమెంటును అడగడం మన మహిళా సమాజాలు, యువజన సంఘాలు ఎత్తుకోవాల్సిన పని.

అప్పటిదాకా తల్లి చేతులు కట్టుకుని కూర్చోవాలా? అక్కర లేదు. ఆమె చేయగలిగినవి రెండున్నాయి. కోర్టు సంరక్షకుణ్ని నియమించేటప్పుడు పిల్లల మేలు మొదట చూస్తుంది. దాన్ని నిర్ణయించడానికి పిల్లల వయసు, ఆడపిల్లా మగపిల్లాడా, మతం, కాబోయే సంరక్షకుడి నడవడి, స్తోమత, చుట్టరికం, అతనికీ పిల్లలకీ ముందునుంచీ ఉన్న సంబంధం చూడమంటుంది 17వ సెక్షన్. వాటితో పాటు, చనిపోయిన తల్లి లేదా తండ్రి కోరిక ఏదైనా ఉంటే అదీ చూడమంటుంది. ఇక్కడ తల్లి కోరికకు తండ్రి కోరికతో సమానమైన చోటుంది. కాబట్టి భర్త లేని తల్లి తన వీలునామాలో ఎవరు పెంచాలని కోరుకుంటుందో, ఎందుకో రాయాలి. అది నియామకం కాకపోయినా కోర్టు తూచే సాక్ష్యం అవుతుంది. రెండోది, తన సొంత ఆస్తి విషయంలో ఆమెకు పూర్తి అధికారం ఉంది. తన పేరున ఉన్న ఇల్లు, డబ్బు పిల్లలకు రాసి, వాళ్లు పెద్దవాళ్లయ్యేదాకా దాన్ని ఫలానావారు ట్రస్టీగా చూడాలని, దేనికి ఖర్చు పెట్టాలని ఆమె ఆదేశించవచ్చు. పిల్లల మీద ఆమె మాట కోరికగానే మిగిలినా, ఆమె డబ్బు మీద ఆమె మాటే శాసనం.

భార్యాభర్తలిద్దరూ ఉన్న ఇంట్లో మా సలహా ఇది. ఇద్దరూ రెండు వేర్వేరు వీలునామాలు రాయండి. రెండింటిలోనూ అవే పేర్లు ఉండాలి. భర్త వీలునామాలో మొదట భార్య పేరే సంరక్షకురాలిగా ఉండాలి. ఆమె లేనప్పుడు, లేదా ఆమెకు చేతకాని పరిస్థితి వచ్చినప్పుడు మాత్రమే ఇంకొకరు.

ఇప్పుడు ఆ ఇంకొకరి దగ్గరికి వద్దాం. కోర్టు ఎవరినీ వారి ఇష్టానికి వ్యతిరేకంగా సంరక్షకుడిగా నియమించకూడదని అదే 17వ సెక్షన్ చివర ఉంది. కోర్టులో సంరక్షకత్వం కోసం పిటిషన్ వేస్తే, ఆ బాధ్యత తీసుకోవడానికి నేను సిద్ధమే అని ఆ వ్యక్తి సంతకంతో, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలతో ఒక ప్రకటన జత చేయాలని 10వ సెక్షన్ అడుగుతుంది. వీలునామాలో పేరున్నవాళ్లను కూడా ఎవరూ బలవంతాన పిల్లల్ని పెంచేలా చేయలేరు. అడగకుండా రాసిన పేరు వాళ్లు ‘నా వల్ల కాదు’ అన్న రోజున ఉత్త సిరా గీత. మనం లేని రోజున మన కాగితం చదివి ‘అన్న నన్నెప్పుడూ అడగలేదే’ అనుకునే తమ్ముడి స్థితి ఆలోచించండి. ఒప్పుకుంటే భారంతో ఒప్పుకుంటాడు. కాదంటే ఊరంతా అతన్ని నిందిస్తుంది. రెండూ మన వల్ల వచ్చినవే.

బాప్తిస్మం రోజున నిలబడిన జ్ఞాన తల్లిదండ్రులు ఉన్నారు కదా అని కొందరు ధీమాగా ఉంటారు. ఆ బంధం విశ్వాసంలో గొప్పదే. చట్టంలో దానికదే సంరక్షకత్వం కాదు. వాళ్లే పెంచాలనుకుంటే వాళ్లనూ అడిగి, వాళ్ల పేరూ వీలునామాలో రాయాలి.

అడగడానికి ముందు భార్యాభర్తలిద్దరూ ఒక్క పేరు మీదికి రావాలి. మన ఉదాహరణలో తండ్రికి తమ్ముడు నచ్చాడు, తల్లికి అక్క నచ్చింది. తమ్ముడి ఇంట్లో నానమ్మ ఉంది, అతని పిల్లలు ఈడువాళ్లు. కానీ అక్కడికి పోతే బడి మారాలి, మరాఠీ చదువు పోయి తెలుగు రావాలి. పెద్దమ్మ ఇంట్లో బడి మారదు, స్నేహితులు మారరు, సంఘం మారదు. కానీ పెద్దమ్మకు యాభై రెండేళ్లు, బీపీ ఉంది. ఆరేళ్ల బాబుకు పద్దెనిమిది వచ్చేసరికి ఆమెకు అరవై నాలుగు. ఇలా పన్నెండేళ్ల లెక్క వేసి చూస్తే ప్రేమ ఎవరిది ఎక్కువ అన్న వాదన తగ్గి, పని ఎవరి వల్ల అవుతుందన్నది తేలుతుంది. ఈ దంపతులు చివరికి తమ్ముణ్ని, మరదల్ని మొదటి పేర్లుగా, పెద్దమ్మను రెండో పేరుగా అనుకున్నారు. పదకొండేళ్ల పాపను కూడా మెల్లగా అడిగారు. తెలిసి చెప్పగల వయసున్న పిల్లల ఇష్టాన్ని కోర్టే లెక్కలోకి తీసుకోవచ్చునని చట్టం చెబుతున్నప్పుడు, మనం అడగకపోవడం ఏం న్యాయం?

తర్వాత వెళ్లి అడగాలి. ఫోనులో వద్దు, పెళ్లిలోనో కూడికలోనో పదిమంది మధ్య వద్దు. మంచిర్యాలకు వెళ్లి, అన్నం తిన్నాక, పిల్లలు బయట ఆడుకుంటున్నప్పుడు, భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి అడగాలి. తమ్ముణ్ని ఒక్కణ్నే అడిగి రావడం మన వాళ్లు సాధారణంగా చేసే తప్పు. పొద్దున లేచి పిల్లలకు డబ్బా కట్టేది, జ్వరం వస్తే రాత్రంతా మేలుకునేది ఆ ఇంటి కోడలు. ఆమె సరే అనకుండా ఆ ఇల్లు సరే అన్నట్టు కాదు.

అడిగే మాట ఇలా ఉండొచ్చు. ‘తమ్మీ, నిన్నూ మరదల్నీ ఒక మాట అడగాలని వచ్చినం. మాకు ఏమన్నా అయితే పిల్లలు మీ దగ్గర పెరగాలని మా ఇద్దరి మనసుల ఉన్నది. ఇప్పుడే జవాబు చెప్పొద్దు. నెల రోజులు ఇద్దరూ మాట్లాడుకోండ్రి. కాదన్నా మన మధ్య ఏం మారదు, మేం వేరే ఏర్పాటు చేసుకుంటం.’ ఇందులో చివరి వాక్యం అన్నిటికంటే ముఖ్యం. కాదనే వీలు లేని చోట అవునన్న మాటకు విలువ లేదు.

ఆ తర్వాత దాచకుండా చెప్పాల్సినవి చెప్పాలి. ఎన్నేళ్ల పని ఇది: పాపకు ఏడేళ్లు, బాబుకు పన్నెండేళ్లు. ఎంత డబ్బుంది, ఎంత అప్పుంది, ఇంటి లోను ఎంత మిగిలింది, బీమా ఎంత వస్తుంది. పిల్లల ఆరోగ్యం ఎలా ఉంది, ఏ మందులు వాడుతున్నారు. వాళ్లను ఏ విశ్వాసంలో పెంచాలని మన కోరిక. సెలవుల్లో బల్లార్‌పూర్ పెద్దమ్మ ఇంటికి పంపాలన్న మాట కూడా అప్పుడే అనుకోవాలి. అన్నీ విన్నాక వాళ్ల ప్రశ్నలు వినాలి. ‘మా పిల్లల ఫీజులే కష్టంగా ఉన్నయి వదినా, ఇద్దరు వస్తే ఎట్ల?’ అని మరదలు అడిగితే నొచ్చుకోవద్దు. అది మంచి ప్రశ్న. ఆ ప్రశ్న వచ్చిందంటే ఆమె నిజంగా ఆలోచిస్తోందన్నమాట. డబ్బు మాట రాకముందే ‘అయ్యో, అదేం మాట, మా పిల్లలు కారా?’ అని చటుక్కున వచ్చిన జవాబునే కొంచెం అనుమానించాలి. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు నేల చూస్తూ ఉన్నా, ‘అప్పుడు చూద్దాంలే’ అన్నా, అది ఇంకా సరే కాదు. నెల తర్వాత మళ్లీ అడగండి.

ఒప్పుకున్నాక ఒక చిన్న అంగీకార పత్రం రాయించుకోవడం మంచిది. భార్యాభర్తలిద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షుల సంతకాలు. రేపు కోర్టుకు వెళ్లాల్సి వస్తే కొత్త ప్రకటన ఇవ్వాల్సిందే, అయినా ఈ పత్రం తల్లిదండ్రుల కోరిక అప్పటికప్పుడు పుట్టింది కాదని చూపిస్తుంది. భర్త లేని తల్లికి ఇది మరీ అవసరం. ఆ తర్వాత బల్లార్‌పూర్ వెళ్లి పెద్దమ్మకు కూడా స్వయంగా చెప్పాలి: ఎందుకు మొదటి పేరు ఆమెది కాదో, రెండో పేరుగా ఉండటానికి ఆమెకు ఇష్టమేనా అని. ఎంచుకోని బంధువు ఈ సంగతి మన నోట వింటే బాధపడి ఊరుకుంటుంది. మన సమాధి కార్యక్రమం తర్వాత ఎవరో చెప్పగా వింటే లాయరు దగ్గరికి పోతుంది. తల్లీతండ్రీ లేని ఎస్తేరును పెంచింది ఆమె బంధువు మొర్దెకై. అలాంటి మొర్దెకై ఎవరో ఇంటిల్లిపాదికీ ముందే తెలిసి ఉండటం పిల్లలకు మేలు.

ఇక రాయాల్సిన వాక్యం. మన ఉదాహరణలో తండ్రి వీలునామాలో అది ఇలా ఉంటుంది: ‘నా మరణానంతరం మైనర్లుగా ఉన్న నా పిల్లలకు నా భార్య సంరక్షకురాలు. ఆమె జీవించి లేకపోయినా, ఆ బాధ్యత చూడలేని స్థితిలో ఉన్నా, నా తమ్ముణ్ని, అతని భార్యను కలిపి సంరక్షకులుగా నియమిస్తున్నాను. వారు జీవించి లేకపోయినా, అంగీకరించకపోయినా, నా భార్య అక్కను నియమిస్తున్నాను.’ ప్రతి ఒక్కరి పూర్తి పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, ఊరు రాయాలి. ఇద్దరిని కలిపి నియమిస్తే ఒకరు చనిపోయినా రెండోవారు కొనసాగుతారు. వాళ్లు విడిపోతే పిల్లలు ఎవరితో ఉండాలో కూడా ఒక మాట రాస్తే మంచిది.

పిల్లల్ని పెంచేవాళ్లూ పిల్లల ఆస్తి చూసేవాళ్లూ ఒక్కరే కానక్కర లేదు. వీలునామా ద్వారా ఆస్తికి సంరక్షకుడైన వ్యక్తి, వీలునామాలో ఆంక్ష లేకపోతే, పిల్లల ఆస్తిని తాకట్టు పెట్టవచ్చు, అమ్మవచ్చు. కోర్టు నియమించిన సంరక్షకుడికైతే ముందుగా కోర్టు అనుమతి కావాలి. కాబట్టి చంద్రపూర్ ఇల్లు పిల్లలు పెద్దయ్యేదాకా అమ్మకూడదని మీ ఉద్దేశమైతే, ఆ మాట వీలునామాలో ఉండాలి. అద్దె పిల్లల చదువుకు వాడాలని కూడా రాయవచ్చు. బీమా పాలసీలు విడిగా చూసుకోండి. నామినీ మైనర్ అయితే డబ్బు అందుకోవడానికి పాలసీలో ఒక అపాయింటీ పేరు ఉంటుంది. పదేళ్ల కిందట రాసిన ఆ పేరు ఇప్పుడు ఎవరిదో ఒకసారి తీసి చూడండి. పిల్లలు ఒకరి ఇంట్లో, డబ్బు ఇంకొకరి ఖాతాలో పడే చిక్కు ఇక్కడే పుడుతుంది.

సంతకాల దగ్గర మూడు జాగ్రత్తలు చాలు. మీరు సంతకం చేయడం కనీసం ఇద్దరు సాక్షులు చూడాలి, లేదా అది మీ సంతకమేనని మీ నోట వినాలి. వాళ్లు మీ ఎదుటే సంతకం చేయాలి. వీలునామా ద్వారా ఏదైనా పొందేవాళ్లు గానీ, వాళ్ల భార్య లేదా భర్త గానీ సాక్షి కాకూడదు. అలా చేస్తే వీలునామా నిలుస్తుంది కానీ, వాళ్లకు రాసింది చెల్లకుండా పోతుంది. కాబట్టి తమ్ముడినీ మరదలినీ సాక్షులుగా పెట్టకండి, పాస్టరుగారినో పొరుగువారినో అడగండి. తర్వాత పేరు మార్చాలనిపిస్తే పెన్నుతో కొట్టేసి పైన రాయకండి, అలా మార్చింది సాక్షుల సంతకాలు లేకుండా చెల్లదు. కొత్త వీలునామా రాయడమే తేలిక.

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయించుకుంటే మేలు. మరాఠీలో దుయ్యమ్ నిబంధక్ అనే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో అది చేస్తారు. మీ వీలునామా తెలుగులో ఉంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. అధికారికి తెలియని, ఆ జిల్లాలో సామాన్యంగా వాడని భాషలో ఉన్న పత్రాన్ని, వాడుక భాషలోకి సరైన అనువాదమూ ఒక నకలూ జత చేయకపోతే రిజిస్టరు చేయరు. తెలుగులో రాసుకుని మరాఠీ అనువాదం జత చేయండి, లేదా మీకు బాగా అర్థమయ్యేలా చదివించుకుని ఇంగ్లీషులో రాయించండి.

చివరిగా, క్రైస్తవులు తరచు మరిచే ఒక సెక్షన్ ఉంది. పెళ్లి చేసుకుంటే అంతకు ముందు రాసిన వీలునామా రద్దయిపోతుంది. 69వ సెక్షన్ మాట ఇది, హిందువులకు ఈ నియమం లేదు. భార్యను కోల్పోయిన తండ్రి మళ్లీ పెళ్లి చేసుకుంటే, మొదటి భార్య పిల్లలకు సంరక్షకుల పేర్లు రాసిన వీలునామా ఆ రోజుతో పోతుంది. ఆయనకు అది తెలియదు, బీరువాలో కాగితం అలాగే ఉంటుంది. అందుకే పెళ్లి తర్వాత మళ్లీ రాయాలి, మళ్లీ వెళ్లి అడగాలి. పెళ్లి ఒక్కటే కాదు. తమ్ముడికి జబ్బు చేసినా, అతను దూరదేశం పోయినా, పెద్దమ్మ కన్నుమూసినా, పాపకు పద్దెనిమిది నిండినా వీలునామా తీసి చదవాలి. ఒక నకలు తమ్ముడి ఇంట్లో, ఒకటి పెద్దమ్మ ఇంట్లో ఉండాలి. అసలు ఎక్కడుందో రెండు ఇళ్లకూ తెలియాలి.

మా పాఠకుల్లో చిన్న పిల్లలున్నవాళ్లు ఈ నెలలో ఒక్క పని చేయండి. వీలునామా కాగితం తర్వాత సంగతి. ముందు మీ ఇద్దరూ కూర్చుని రెండు పేర్లు అనుకోండి, ఆ తర్వాత వాళ్ల ఊరికి టికెట్టు తీసుకోండి.